నూతి గిలక ఆగిన అర సెకను

68 సెకన్ల టీజర్ ఒకటి నా కళ్ళముందు తయారైంది. అందులో ఒక్క డైలాగు లేదు. పాట బిట్టు లేదు. కథ ఇదీ అని చెప్పే ముక్క ఎక్కడా లేదు. అయినా చూసినవాళ్ళంతా యాభయ్యో సెకను దాటేసరికి కుర్చీలో ముందుకి జరుగుతున్నారు. వాళ్ళని అలా జరిపింది తెరమీద బొమ్మ కాదు, ఒక పాత నూతి గిలక. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వినపడాల్సిన చోట వినపడకుండా పోయిన గిలక చప్పుడు. ఇది తెలిసిన దగ్గర్నుంచి కనపడ్డ ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెబుతాను.

సినిమా నా మిత్రుడిది, కోనసీమ కుర్రాడు. రెండు గంటల పది నిమిషాల రఫ్ కట్ తయారుగా ఉంది. పేరు బయటపెట్టొద్దన్నాడు గనక పెట్టను. కథలో చెప్పదగ్గది ఇంతే: గోదావరి మధ్య లంకలో ఒక ఇల్లు, అందులో ఒక ముసలావిడ, ఆవిణ్ణి చూసుకోడానికి పట్నం నుంచి వచ్చిన మనవరాలు. శ్రావణమాసం, ఎర్రనీళ్ళు వచ్చేశాయి, పడవలు ఆగిపోయాయి. చుట్టూ ఏరు పొంగుతోంది, పెరట్లో నూతిలో మాత్రం చుక్క నీరు లేదు. ఎందుకు లేదన్నదే సినిమా.

దీనికి ట్రైలర్ కాదు, మూడ్ టీజర్ కావాలన్నాడు మిత్రుడు. రెండింటికీ తేడా నాకు ఆ గదిలోనే తెలిసింది. ట్రైలర్ కథని పరిచయం చేస్తుంది: ఎవరు, ఎక్కడ, ఏం సమస్య, ఎవరితో గొడవ. రెండు, రెండున్నర నిమిషాలు తీసుకుంటుంది. మూడ్ టీజర్‌కి ఆ బాధ్యత ఏదీ లేదు. ఈ సినిమా చూస్తున్నంతసేపూ మీ ఒంట్లో ఎలా ఉండబోతోందో ఒక్క నిమిషంలో రుచి చూపిస్తే చాలు.

ఎడిటర్ అమ్మాయి కృష్ణానగర్‌లో చిన్న ఎడిట్ సూట్ నడుపుతుంది. నేను పక్క కుర్చీలో కూర్చుని అడిగిన మొదటి ప్రశ్నే, "ఏ షాట్‌తో మొదలుపెడతావమ్మా?" అని. "షాట్లు తర్వాత అన్నా. ముందు ఇది వినండి" అంటూ తెర ఆపేసి హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చింది.

అందులో ఉన్నది ఒక గిలక. ఇనప గిలక, నూనె లేదు. చేంతాడు లాగినప్పుడల్లా ఒక కీచు, ఆ తర్వాత చిన్న విరామం, మళ్ళీ కీచు. లొకేషన్‌లో సౌండ్ రికార్డిస్టు షూటింగ్ అయిపోయాక ఒక్కడే నూతి దగ్గర కూర్చుని రికార్డు చేసుకున్నాడట. ఇలా కెమెరా నడవనప్పుడు విడిగా పట్టుకునే చప్పుడుని వైల్డ్ ట్రాక్ అంటారు. మన సినిమాల్లో ఎక్కువ భాగం తర్వాత డబ్బింగ్ థియేటర్లో మాటలు చెప్పించినవే గనక, లొకేషన్‌లో రికార్డయిన ధ్వని చాలాసార్లు పైలట్ ట్రాక్‌గా ఉండి, పని అవగానే అవతలికి పోతుంది. దానితోపాటే ఆ ఊరి గాలి, ఆ ఇంటి తలుపు, ఆ కాలవలో కప్పలు కూడా పోతాయి. ఈ సినిమా అదృష్టం, అవి పోలేదు.

షాట్లు ఎలా ఏరుతుందో చూశాక ఆశ్చర్యం ఇంకా పెరిగింది. రఫ్ కట్ మొత్తం ధ్వని ఆపేసి చూస్తుంది. మంచి షాట్ అనిపించిన చోటల్లా మార్కర్ పెట్టదు. ఛాయాగ్రాహకుడు ప్రాణం పెట్టి తీసిన ఏరు మీది సూర్యాస్తమయం వచ్చింది, అలాగే వదిలేసింది. ఎందుకని అడిగితే, "అది పూర్తయిపోయిన షాట్ అన్నా. చూసి ఆహా అంటాం, అక్కడితో సరి. నాకు ప్రశ్న మిగిలే షాట్ కావాలి" అంది. ఆ మాట పట్టుకుని చూస్తే ఆవిడ మార్కర్ పెట్టిన ప్రతి షాట్‌లోనూ ఏదో ఒక పని మొదలై ఉంది, పూర్తి కాలేదు. ముసలావిడ చేతులు తమలపాకుకి సున్నం రాస్తూ ఆగుతాయి. కొబ్బరిచెట్టుకి కట్టిన పడవ తాడు వదులుగా ఉన్నది మెల్లగా బిగుసుకుంటుంది. లోపలి గది తలుపు గడియ కొద్దిగా కదులుతుంది. సినిమాలో ఈ షాట్లన్నిటికీ కొనసాగింపు ఉంది. టీజర్‌లో మాత్రం కదలిక మొదలై, అది ఎటు వెళ్తుందో మన కన్ను పసిగట్టే లోపలే కట్. మిగతా సగం మన బుర్రలో నడుస్తూనే ఉంటుంది.

ముఖాల సంగతి మరీ విచిత్రం. మనవరాలి క్లోజప్ ఒకటుంది. మనిషి మెల్లగా తల తిప్పి ఫ్రేము బయట దేన్నో చూస్తుంది. సినిమాలో ఆ పిల్ల చూసేది పొయ్యి మీద పొంగుతున్న పాలని! ఎడిటర్ ఆ పాల షాట్ తీసేసి, తల తిప్పిన వెంటనే నూతిలోకి దిగుతున్న తాడు అతికించింది. అదే నటి, అదే చూపు, ఇప్పుడు భయంగా ఉంది. సుమారు వందేళ్ల క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఇదే. ఒకే నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికిస్తే జనం ఒకచోట ఆకలినీ, ఇంకోచోట దుఃఖాన్నీ చూశారని చెబుతారు. పుస్తకాల్లో చదివిన సంగతే. కానీ పాలు పొంగడం చూసిన కళ్ళు క్షణంలో నూతిని చూసిన కళ్ళుగా మారిపోవడం నా ఎదుట జరిగేసరికి ఒళ్ళు జలదరించింది.

పక్కన పెట్టేసినవాటికీ లెక్క ఉంది. జవాబు చెప్పేసే షాట్లు వద్దు. ముందు కథ తెలిస్తే తప్ప అర్థం కానివి వద్దు. సినిమా చివర్లో ప్రేక్షకుడు హాల్లో మొదటిసారి చూసి ఊపిరి బిగపట్టాల్సిన షాట్ ఎంత గొప్పదైనా వద్దు. మిత్రుడు ఈ మూడోదాని కోసం గట్టిగానే వాదించాడు, అంత ఖర్చుపెట్టి తీశాం కదా అని. అమ్మాయి లొంగలేదు. లొంగకపోవడమే సరైందని నా అభిప్రాయం.

ఇంక ధ్వని. అసలు సందడంతా ఇక్కడే.

టైమ్‌లైన్ మీద బొమ్మ ఒక్కటీ లేకుండా ముందు చప్పుళ్ళు పరిచింది. అన్నిటికన్నా అడుగున లంక రాత్రి: కప్పలు, కీచురాళ్ళు, దూరంగా నీటి హోరు. దీన్ని ఆంబియెన్స్ అంటారు, మన చెవి దీన్ని కాసేపట్లోనే మర్చిపోతుంది. ఆ మర్చిపోవడమే ఎడిటర్‌కి ఆయుధం. ముప్ఫయ్యో సెకను దగ్గర్నుంచి కీచురాళ్ళని, కప్పలని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, నలభై దాటేసరికి పూర్తిగా తీసేసింది. తీసేసినట్టు ఎవరికీ తెలియదు. నాకూ తెలియలేదు. కానీ ఎందుకో గొంతు ఎండినట్టయింది. పల్లెటూరివాళ్ళు దీన్ని వెంటనే పట్టుకుంటారు. రాత్రిపూట కప్పలు, పురుగులు ఒక్కసారిగా నోరు మూశాయంటే అటుగా ఏదో వస్తోందని అర్థం. భయం పుట్టించడానికి చప్పుడు కలపాలనే అనుకుంటాం గానీ, ఉన్నదాన్ని తీయడం అంతకన్నా బాగా పనిచేస్తుంది.

దాని మీద డ్రోన్. అంటే ఎగిరే యంత్రం కాదు, ఆగకుండా సాగే ఒక మంద్ర శబ్దం. మన తంబురా శ్రుతిలా ఒకేచోట నిలబడి ఉంటుంది, కాకపోతే హాయికి బదులు బెంగ పుట్టిస్తుంది. దీన్ని రెడీమేడ్ లైబ్రరీలోంచి తీసుకోలేదు. లంకలో రికార్డయిన డీజిల్ పంపుసెట్టు మోతని నాలుగు రెట్లు నెమ్మది చేసింది. ధ్వనిని రెండు రెట్లు నెమ్మదిగా నడిపితే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, నాలుగు రెట్లు చేస్తే రెండు స్థాయిలు. టకటకమనే ఇంజను కాస్తా నేల కింద ఏదో పెద్దది ఊపిరి తీస్తున్నట్టు అయింది. అయినా అది ఆ ఊరిదే. వినేవాడికి పంపుసెట్టని తెలియదు, కానీ ఈ మోతా ఆ కప్పలూ ఒకేచోటివని మాత్రం చెవికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది, దాన్ని విప్పిన తీరు నాకు ఇప్పటికీ మాయలా ఉంది. సూట్‌లో పెద్ద స్పీకర్ల మీద ఆ డ్రోన్ గుండెల్లో దడ పుట్టిస్తోంది. అదే ఫోన్‌లో పెడితే ఏమీ లేదు, మాయం. ఫోన్ స్పీకర్ అంత చిన్నది గనక సుమారు 200 హెర్ట్జ్‌కి కింద ఉన్న స్వరాలని దాదాపు పలకలేదు. మన డ్రోన్ 50 హెర్ట్జ్ దగ్గర ఉంది. టీజర్ చూసేవాళ్ళలో ఎక్కువమంది చూసేది ఫోన్లోనే. వాల్యూము పెంచి లాభం లేదు, లేని స్వరాన్ని ఎంత పెంచినా రాదు. అమ్మాయి ఆ ట్రాక్ మీద శాచురేషన్ కొద్దిగా వేసింది. ధ్వనిని పిసరంత గరుకు చేస్తుందది. అలా గరుకైనప్పుడు అసలు స్వరానికి పైన దాని రెట్లలో ఉన్న స్వరాలు కూడా పుడతాయి: 100, 150, 200, 250, అలా. ఫోన్ పైనున్నవాటిని పలుకుతుంది. విన్న మెదడు ఆ వరుసని బట్టి అడుగున 50 ఉండాలని తనే ఊహించి పూరించుకుంటుంది. స్పీకర్ పలకని మంద్రాన్ని మనమే విన్నట్టు అనుకుంటాం! ఈ సంగతి విన్నాక నేను నా ఫోన్ని చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపు విన్నానో.

ఇప్పుడు గిలక. మొదటి కీచు ఎర్రనీళ్ళ వైడ్ షాట్ మీద, ఎక్కడో దూరంగా వినపడుతుంది. గిలక కనపడదు. ఆరు సెకన్ల తర్వాత రెండోది. మళ్ళీ ఆరు. నాలుగోసారికి మన శరీరం లెక్క నేర్చేసుకుంటుంది. మనకి తెలియకుండానే తర్వాతి కీచు కోసం కాచుకుంటాం. అప్పుడు అయిదు సెకన్లయింది, తర్వాత నాలుగు, మూడు. ఎవరో తొందరగా తోడుతున్నారు. ఎవరు? ఎందుకు తొందర? తెరమీద ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఈ కీచులు కట్‌లతో ఎలా కలుస్తాయో చూడాలి. ప్రతి కీచుకీ ఒక కట్ పెడితే అది పాటకి కోసినట్టు ఉంటుంది, మూడోసారికే జనం కనిపెట్టేస్తారు, బిగువు పోతుంది. అందుకని మొదటి రెండూ కట్ మీద పడ్డాయి. మూడోది షాట్ మధ్యలో పడింది. నాలుగోది కట్ కన్నా నాలుగైదు ఫ్రేముల ముందే మొదలై, మనని చెయ్యిపట్టి తర్వాతి షాట్‌లోకి లాక్కుపోయింది. ఇలా రాబోయే బొమ్మ తాలూకు చప్పుడు ముందే వచ్చేయడాన్ని జె-కట్ అంటారు. సెకనుకి 24 ఫ్రేములు, అందులో నాలుగు ఫ్రేములంటే రెప్పపాటు కన్నా తక్కువ. తీసేసి చూపించింది, అతుకు కనపడింది. మళ్ళీ పెట్టింది, అతుకు పోయింది. నాలుగు ఫ్రేములకి ఇంత బలముందా!

యాభయ్యో సెకను. గిలక సెకనున్నరకి ఒకసారి అరుస్తోంది. తాడు, చేతులు, గడియ, ముఖం. డ్రోన్ పైకి లేస్తోంది. దానితోపాటు ఇంకో ధ్వని మెల్లగా ఉబుకుతోంది, అది ఏమిటో నాకు అందలేదు. తర్వాత విప్పి చూపించింది. చిట్టచివర బొక్కెన నూతి అడుగుకి తగిలే చప్పుడు ఒకటుంది. ఆ చప్పుడుకి పెద్ద గుహలో మోగినట్టు పొడుగాటి ప్రతిధ్వని కలిపి, ఆ ప్రతిధ్వనిని మాత్రమే విడిగా రికార్డు చేసి, దాన్ని వెనక్కి తిప్పింది. సద్దుమణిగిపోవాల్సిన మోత ఇప్పుడు ఏమీ లేని చోట పుట్టి పెరుగుతూ వస్తుంది. అంటే ఇంకా జరగని చప్పుడు తాలూకు నీడ ముందే వచ్చి మీద పడుతోందన్నమాట. దీన్ని రైజర్ అంటారు. లైబ్రరీల్లో వేలకొద్దీ రైజర్లు దొరుకుతాయి, కానీ వాటికీ తర్వాత వచ్చే దెబ్బకీ చుట్టరికం ఉండదు. ఇది ఆ దెబ్బ ఒంట్లోంచే పుట్టింది.

రైజర్ నిండుగా పెరిగింది. గిలక మళ్ళీ కీచుమనాల్సిన క్షణం వచ్చింది.

కీచుమనలేదు.

అన్నీ ఆగిపోయాయి. డ్రోన్, రైజర్, నీటి హోరు, అన్నీ. తెర నలుపు. 12 ఫ్రేములు, అర సెకను. మన శరీరం నేర్చుకున్న లెక్క ప్రకారం రావాల్సిన చప్పుడు రాలేదు. నా చేతులు కుర్చీ పట్టుకున్నాయి. అప్పుడు, ఠప్. బొక్కెన పొడినేలకి తగిలిన చప్పుడు. నూతిలోకి బొక్కెన దిగితే ఏ చప్పుడు రావాలో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ బుడుంగు లేదు. ఎండిన మట్టి మీద రేకు. సినిమా మొత్తం అడగబోయే ప్రశ్న ఆ ఒక్క ఠప్‌లో ఉంది, ఒక్క మాట లేకుండా!

ఆ అర సెకను గురించే ఇంకో పేజీ రాయగలను. మొదట ఆవిడ దాన్ని 24 ఫ్రేములు పెట్టి వినిపించింది. ఒక సెకను నిశ్శబ్దంలో భయం పెరిగి, చివర్లో కొంచెం సడలింది. 36 పెడితే చూపించిన ఒకాయన ఫోన్ ఆగిపోయిందేమోనని తెర తాకాడు. 6 పెడితే ఆగినట్టే లేదు. 12 దగ్గర ఊపిరి సరిగ్గా లోపలికి పోయి బయటికి రాకముందు ఠప్ పడుతోంది. ఇంకోటి, ఆ నిశ్శబ్దం నిజంగా శూన్యం కాదు. పూర్తిగా సున్నా చేస్తే ఫైలు తెగిందేమో అనిపిస్తుంది. అందుకని మనుషుల్లేని గదిలో ఉండే సన్నటి గాలి, రూమ్ టోన్, వినీ వినపడనంతగా కింద వదిలింది. నిశ్శబ్దానికి కూడా ఒక చోటు కావాలి, అది నూతి లోపలి నిశ్శబ్దం అయి ఉండాలి.

మరి ఠప్ అంత పెద్దగా ఎలా వినపడింది? అది పెద్దదేం కాదు. డిజిటల్ ధ్వనికి ఒక కప్పు ఉంది, సున్నా డెసిబెల్. దాన్ని దాటి ఎవరూ పోలేరు. ముందున్నదంతా ఆ కప్పుకి తగిలేలా హోరెత్తిస్తే చివరి దెబ్బకి ఎగరడానికి చోటుండదు. పైగా యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ కన్నా బిగ్గరగా ఉన్న వీడియోని తనంతట తనే తగ్గిస్తుంది. ఆ లెక్క మొత్తం వీడియో సగటు మీద. అందువల్ల మొదటి సెకను నుంచీ చివరిదాకా బాదే టీజర్‌కి అంతా కలిపి కోత పడుతుంది, దానితోపాటు దాని దెబ్బలూ చిన్నవవుతాయి. ముప్పావు వంతు తగ్గి ఉండి, ఒక్కచోట పెరిగే టీజర్‌కి ఆ కోత ఉండదు. నిదానంగా ఉన్నవాడికే ఇక్కడ లాభం. ఈ లెక్క మన నిర్మాతలకి ఎవరైనా చెబితే బావుండును.

గదిలో ఉన్నవాళ్ళలో ఒకరు అడిగారు, ఆ ఠప్ చోట పెద్ద బ్రామ్ పెడితే ఇంకా అదురుతుంది కదా అని. బ్రామ్ అంటే 2010లో 'ఇన్‌సెప్షన్' ట్రైలర్ల తర్వాత ప్రపంచమంతా పాకిన ఆ భారీ ఇత్తడి బూర మోత. అమ్మాయి వాదించలేదు, పెట్టి వినిపించింది. అదిరింది, నిజమే. కథ తెలియని ఇద్దర్ని పిలిచి చూపించి, ఇది ఏ సినిమా అని అడిగింది. ఒకరు దయ్యం సినిమా అన్నారు, ఇంకొకరు ప్రళయం అన్నారు. బ్రామ్ తీసేసి మరో ఇద్దరికి చూపించింది. "ఆ ఇంట్లో ఏదో దాచారు" అంది ఒకావిడ. సినిమా అదే! చప్పుడు కూడా మాట ఇస్తుంది. తప్పు మాట ఇచ్చిన టీజర్ మొదటి రోజు హాలు నింపి రెండో రోజు ఖాళీ చేస్తుంది.

చూపించిన వాళ్ళని ఆవిడ బావుందా అని ఎప్పుడూ అడగలేదు. అందరూ బావుందనే అంటారు. తెర వైపు కాకుండా చూసేవాళ్ళ వైపు తిరిగి కూర్చుంది. ఎక్కడ చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, ఎక్కడ రెప్ప పడటం ఆగిపోతోంది, అదే ఆవిడ నోట్సు. ఇరవై రెండో సెకను దగ్గర ఇద్దరి కళ్ళు పక్కకి పోయాయి. అక్కడ వాకిట్లో ఆవు షాట్ ఒకటి ఉంది, అందమైనది. మర్నాటికి లేదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. బొమ్మ ఆపేసి ధ్వని మాత్రం నడిపించి, అవతలి గదిలో ఉన్నవాళ్ళు తల తిప్పుతున్నారా లేదా చూడటం. ఆ తర్వాత ధ్వని ఆపేసి బొమ్మ మాత్రం చూడటం. బొమ్మ ఒక్కటే చూసినా కథ అంతా తెలిసిపోతుంటే షాట్లు ఎక్కువ చెబుతున్నాయని అర్థం.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. ఇన్‌స్టాలో వేలితో తోసుకుంటూ పోయేవాళ్ళలో చాలామంది ధ్వని ఆపేసే చూస్తారు. వాళ్ళకి గిలకా లేదు, నిశ్శబ్దమూ లేదు. వాళ్ళ కోసం వేరే కోత కావాలి, అక్షరాలతో, బిగుసుకునే తాడుతో మొదలయ్యేది. ఈ 68 సెకన్లు చెవులున్నవాళ్ళకి.

ఇంటికొచ్చి పాత టీజర్లు వెతుక్కుని చూశాను, ఈసారి కొత్త చెవులతో. 1980 నాటి 'ది షైనింగ్' టీజర్‌లో మొత్తానికి ఒకే ఒక్క షాట్. హోటల్లో లిఫ్టు తలుపులు, కదలని కెమెరా. కింది నుంచి పైకి పేర్లు వెళ్తుంటాయి. ఏమీ జరగదు. వెండీ కార్లోస్, రేచెల్ ఎల్‌కిండ్ సమకూర్చిన ధ్వని మాత్రం ఏదో జరగబోతోందని గొంతు మీద వేలు పెట్టి చెబుతూనే ఉంటుంది. పేర్లన్నీ అయిపోయాక తలుపు సందులోంచి నెత్తురు వరదగా వస్తుంది, కుర్చీలు తేలిపోతాయి, కెమెరా అద్దం మునిగిపోతుంది. స్టాన్లీ కుబ్రిక్ నటీనటుల పేర్లు వేశాడు గానీ ఒక్కరి ముఖమూ చూపలేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన రిడ్లీ స్కాట్ 'ఏలియన్' ట్రైలర్‌లో ఒక్క డైలాగు లేదు. సైరనో, జంతువు అరుపో తేల్చుకోలేని ఒక ధ్వని పదే పదే వస్తూ, ఒకదానికొకటి సంబంధం లేనట్టున్న షాట్లన్నిటినీ ఒకే దారానికి గుచ్చుతుంది. ఆ ధ్వని మన గిలక చేసిన పనే చేస్తోంది! మన దగ్గర 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి' చూసి ఇంటికి నడిచొస్తూ వెనక్కి తిరిగి చూసుకున్న తరానికి, చూపించకుండా వినిపిస్తే ఏమవుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

టీజర్ చివర్లో ఠప్ తర్వాత టైటిల్ వస్తుంది. మూడు సెకన్లు. దాని మీద సంగీతం లేదు. కీచురాళ్ళు, కప్పలు తిరిగి మొదలవుతాయి. ఇంతసేపూ అవి లేవని అప్పుడు తెలుస్తుంది.

షూటింగుల్లో ఉన్న మిత్రులకి ఒక విన్నపం. లొకేషన్‌లో ప్యాకప్ చెప్పాక లైట్లు దింపకముందు, జనరేటర్ ఆపించి, ఒక్క అయిదు నిమిషాలు మీ సౌండ్ రికార్డిస్టుకి ఇవ్వండి. ఆ ఇంటి తలుపు, ఆ పెరటి గాలి, ఖాళీ గది నిశ్శబ్దం పట్టుకోనివ్వండి. ఫైలు పేరులో అది ఏ చప్పుడో, ఎక్కడిదో రాయించండి. తర్వాత ఎన్ని లక్షలు పెట్టినా ఆ గిలక ఏ లైబ్రరీలోనూ దొరకదు.